నెట్టుడు శృంఖలా, లాగుడు శృంఖలా? ఆంగ్ల దీర్ఘాచ్చుల పరిణామంలో ఉత్తరాది మాండలికాల సాక్ష్యం

రోమన్ లిపిలోని మొదటి మూడు అచ్చుల పేర్లు లాటిన్‌లో ఆ, ఏ, ఈ. ఇటలీలోనూ జర్మనీలోనూ పిల్లలు నేటికీ వాటిని అలాగే చదువుతారు. మన పిల్లలు మాత్రం ఇంగ్లీషు పాఠంలో అవే అక్షరాలను ఏ, ఈ, ఐ అని వల్లిస్తారు. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే, మార్పు అడ్డదిడ్డంగా జరగలేదని తెలుస్తుంది. ఆ అన్నది ఏ స్థానానికి, ఏ అన్నది ఈ స్థానానికి ఎక్కాయి. నాలుక ఇక పైకి లేవడానికి వీలు లేని చోట ఉన్న ఈ మాత్రం రెండుగా విడి, ఐ అనే సంధ్యక్షరమైంది. ఒక భాషలోని దీర్ఘాచ్చులన్నీ తమ పరస్పర భేదాన్ని కోల్పోకుండా ఒకదాని స్థానంలోకి మరొకటి జరిగిన ఇటువంటి మార్పును శృంఖలా పరిణామం అంటారు.

జరిగినదేమిటో చెప్పడం సులువు. ఎందుకు జరిగిందో చెప్పడానికి ముందు ఏది మొదట కదిలిందో తేలాలి. పై అచ్చు ముందుగా తన చోటు ఖాళీ చేస్తే, కింది అచ్చు ఆ ఖాళీలోకి వచ్చిందని చెప్పవచ్చు. ఇది లాగుడు శృంఖల. కింది అచ్చే ముందుగా పైకి జరిగి ఉంటే, పై అచ్చు తప్పుకోవలసి వచ్చిందని చెప్పవచ్చు. ఇది నెట్టుడు శృంఖల. ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త ఆంద్రే మార్తినే 1950లలో ఈ భేదానికి సైద్ధాంతిక రూపం ఇచ్చాడు.

‘లాగడం’, ‘నెట్టడం’ అనే మాటలు రూపకాలు. అచ్చులకు చేతులు లేవు కాబట్టి, వీటి వెనుక ఉన్న ప్రక్రియను విడమరచి చెప్పుకోవాలి. ఏ వక్తా ఒక అచ్చును ప్రతిసారీ ఒకే బిందువులో పలకడు. నోటిలో దానికి ఒక కేంద్రం, ఆ కేంద్రం చుట్టూ కొంత మేర ఉంటాయి. రెండు అచ్చుల మేరల మధ్య కొంత ఎడం ఉన్నంతకాలం వినేవారికి పొరపాటు కలగదు. పొరుగు అచ్చు దూరమైతే, ఆ దిక్కుగా చెదిరిన ఉచ్చారణలకు ఇక అడ్డు ఉండదు. అవి పోగై, క్రమంగా కేంద్రమే అటు జరుగుతుంది. లాగుడు శృంఖల పనిచేసే తీరు ఇది. దీనికి విపరీతంగా, పొరుగు అచ్చు దగ్గరకు వస్తే, దానివైపు చెదిరిన ఉచ్చారణలను వినేవారు తప్పుగా గ్రహిస్తారు. దూరంగా చెదిరినవే సరిగా అందుతాయి. కొత్త తరం తాను సరిగా గ్రహించిన వాటినే నమూనాగా తీసుకుంటుంది కాబట్టి కేంద్రం ఆవలకు జరుగుతుంది. నెట్టుడు శృంఖలకు ఇంతకుమించిన బలప్రయోగం అక్కరలేదు.

ఇక ఆంగ్ల భాషకు వస్తే, చాసర్ మరణించిన 1400 ప్రాంతంలో దక్షిణ ఇంగ్లండు భాషలో ఏడు దీర్ఘాచ్చులు ఉండేవి. ముందు వరుసలో పైనుంచి కిందికి ఈ, సంవృత ఏ, వివృత ఏ, ఆ. వెనుక వరుసలో ఊ, సంవృత ఓ, వివృత ఓ. నేడు మనం టైమ్ అనే మాట అప్పుడు ‘టీమ’, ఫీట్ ‘ఫేట్’, నేమ్ ‘నామ’. అలాగే హౌస్ ‘హూస్’, గూస్ ‘గోస్’. తరువాతి రెండు మూడు శతాబ్దాలలో ఈ అచ్చులన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి, పై మెట్టున ఉన్న ఈ, ఊలు సంధ్యక్షరాలయ్యాయి. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పెర్సెన్ 1909లో దీనికి మహాస్వరపరిణామమనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈ, ఊలే ముందుగా కదిలాయనీ, మిగిలినవి వాటిని అనుసరించాయనీ ఆయన వాదం. ఆస్ట్రియా పండితుడు కార్ల్ లూయిక్ అంతకుముందే, 1896లో, ఇందుకు విరుద్ధమైన మాట చెప్పాడు. కదలిక సంవృత ఏ, ఓలతో మొదలైందనీ, అవి పైకి రావడం వల్లనే ఈ, ఊలు చెదిరాయనీ ఆయన నిర్ణయం.

వ్రాతలోని ఆధారాలతో ఈ తగవు తేలదు. ‘హూస్’ అన్న మాటలోని ఊకారాన్ని లేఖకులు ఫ్రెంచి పద్ధతిలో రెండు అక్షరాలతో వ్రాసేవారు. ఆ ఊకారం ఔకారమైన తరువాత కూడా అవే రెండు అక్షరాలు దానికి సరిపోయాయి. ఉచ్చారణ మారినా వర్ణక్రమం మారలేదు. పైగా రెండు మార్పులూ కొద్ది తరాల వ్యవధిలో జరిగినప్పుడు, ఏది ముందో ఏది వెనుకో చెప్పగల సూక్ష్మత ఆనాటి వ్రాతప్రతులకు లేదు. అందుకే లూయిక్ కాలాన్ని వదిలి దేశాన్ని చూశాడు. శృంఖలలో ఒక లంకె ఏదో ఒక ప్రాంతంలో ముందే తెగిపోయి ఉంటే, అక్కడ మిగిలిన లంకెలకు ఏమైందన్నది ఆయన ప్రశ్న.

అటువంటి ప్రాంతం ఉంది. తూర్పున హంబర్ నది నుంచి పడమట లూన్ నది వరకు సుమారుగా ఒక గీత గీస్తే, దానికి ఉత్తరాన ఉన్న ఇంగ్లండు మాండలికాలలోనూ స్కాట్లండు పల్లపు ప్రాంతపు భాషలోనూ, మహాపరిణామానికి ముందే, ఇంచుమించు 1300 నాటికి, సంవృత ఓ వెనుక వరుసను విడిచి ముందుకు వెళ్లిపోయింది. పెదవులు గుండ్రంగానే ఉంచి నాలుకను ముందుకు తెచ్చి పలికే ఏకారం వంటి ధ్వనిగా అది మారింది. అక్కడ పాత ఆకారం నుంచి వివృత ఓ కూడా ఏర్పడలేదు. దక్షిణాన పాత ఆకారం ఓకారంగా మారి స్టోన్ వంటి మాటలకు దారితీయగా, ఉత్తరాన అది ఆకారంగానే నిలిచింది. కాబట్టి ఉత్తరాదిలో ఊకారానికి వెంటనే కింద, ఆ వరుసలో, సంవృత ఓ మిగలలేదు.

ఆ మాండలికాలలో ఊకారం కదలలేదు. సంప్రదాయ స్కాట్స్ వక్తలు నేటికీ ఇంటిని ‘హూస్’ అనీ, ఆవును ‘కూ’ అనీ, కిందికి అనడానికి ‘డూన్’ అనీ అంటారు. పైకి వచ్చే ఓకారం లేని చోట ఊకారం చెదరలేదు, ఉన్న చోట చెదిరింది. ఊకారం తనంతట తాను కదలడం మొదలుపెట్టిందని అనుకుంటే, సరిగ్గా ఓకారం ఖాళీ చేసిన ప్రాంతంలోనే అది ఎందుకు మొదలుపెట్టలేదో చెప్పవలసి వస్తుంది. యెస్పెర్సెన్ పక్షం దీనిని కాకతాళీయమనక తప్పదు.

అలా అనడానికి వీలు లేదా అంటే, ఉంది. ఒక మార్పు ఒక ప్రాంతంలో పుట్టి మరొక ప్రాంతానికి చేరకపోవడం వింత కాదు. ఉత్తరాదివారికి ఉన్నతాచ్చులను సంధ్యక్షరాలుగా విడదీసే అలవాటే చేరలేదని ఒకరు వాదించవచ్చు. ఈ వాదానికి సమాధానం అదే మాండలికాల ముందు వరుసలో ఉంది. లూయిక్ వాదాన్ని ఉదహరించేవారు ఈ భాగాన్ని తరచు ఒక వాక్యంతో దాటవేస్తారు గాని, నా దృష్టిలో బలమంతా ఇక్కడే ఉంది. ఉత్తరాదిలో ఈకారానికి కింద ఏకారం యథాస్థానంలో ఉంది. అది పైకి జరిగింది. ఈకారం సంధ్యక్షరమైంది. అంటే ఆ మాండలికాలకు ఉన్నతాచ్చును విడదీసే ప్రవృత్తి లేకపోలేదు. ఒకే జనం, ఒకే కాలం, రెండు వరుసలు. కింద అచ్చు ఉన్న వరుసలో పై అచ్చు కదిలింది, లేని వరుసలో నిలిచింది. ప్రయోగశాలలో కోరి ఏర్పరచుకున్నా ఇంతకంటె చక్కని పోలిక దొరకడం కష్టం.

అయితే ఈ సాక్ష్యం రుజువు చేసేదెంతో కొలుచుకోవాలి. ఊకారం విడిపోవడానికి కింద ఓకారం ఉండడం అవసరమని అది సూటిగా చూపుతుంది. ఈ, ఏల జంటకు అదే న్యాయం వర్తిస్తుందనడం సామ్యం మీద ఆధారపడిన ఊహ. బలమైన ఊహే గాని, ఏకారం ముందే తప్పుకొన్న మాండలికం మరొకటి దొరికితే తప్ప సూటి రుజువు కాదు. అసలు ఓకారం ఎందుకు పైకి జరగడం మొదలుపెట్టిందన్న ప్రశ్నకు ఉత్తరాది వద్ద జవాబు లేదు. నెట్టినదేదో తెలిసింది, దానిని కదిలించినదేదో తెలియలేదు.

శృంఖల కింది సగానికి వస్తే కథ తలకిందులవుతుంది. జాన్ హార్ట్ 1569లో ఆంగ్ల వర్ణక్రమ సంస్కరణ గురించి ప్రచురించిన గ్రంథంలో, తన కాలపు ఉచ్చారణను కొత్త లిపిలో వ్రాసి చూపాడు. అందులో పాత ఈ, ఊలు సంధ్యక్షరాలయ్యాయి, సంవృత ఏ, ఓలు ఈ, ఊలయ్యాయి. కాని ‘నామ’ వంటి మాటలలోని అచ్చు ఇంకా ఆకారంగానే ఉంది. పై అంతస్తులన్నీ మారిన తరువాత కూడా కింది అంతస్తు కదలలేదన్నమాట. కాబట్టి అందరినీ ఆకారమే కిందనుంచి నెట్టిందనడానికి వీలు లేదు. అది పైన ఏర్పడిన ఖాళీలోకి తరువాత ఎక్కింది. పై సగాన్ని నెట్టుడుగా, కింది సగాన్ని లాగుడుగా వేరుచేసి చూపిన రోజర్ లాస్ వివరణ ఈ కారణంగానే నాకు అంగీకారయోగ్యంగా కనిపిస్తుంది. రాబర్ట్ స్టాక్‌వెల్, డాంకా మింకోవాలు 1988లో మరొక అడుగు ముందుకు వేసి, ఇది ఒకే పరిణామమా, వేర్వేరు మార్పులకు మనం తగిలించిన ఒకే పేరా అని ప్రశ్నించారు. హార్ట్ సాక్ష్యం ఆ సందేహాన్ని కొంత సమర్థిస్తుంది. పై సగానికి మాత్రం, ఉత్తరాది పోలిక ఉన్నంతవరకు, లంకెను కాదనడం కష్టం.

నెట్టుడు సిద్ధాంతానికి అసలు చిక్కు మరొక చోట ఉంది. భేదాన్ని కాపాడుకోవడానికే అచ్చు తప్పుకొంటుందంటే, ఎన్నో భాషలలో అచ్చులు నిశ్శబ్దంగా కలిసిపోవడమెందుకు? ఆంగ్లంలోనే, ఇంత పెద్ద పరిణామం దాటి భేదం నిలుపుకొన్న రెండు ఏకారాలు చివరకు, ఇంచుమించు 18వ శతాబ్దం నాటికి, ప్రామాణిక ఉచ్చారణలో ఈకారంగా కలిసిపోయాయి. మాంసమనే అర్థం గల మాట, కలుసుకోవడమనే అర్థం గల మాట రెండూ నేడు ‘మీట్’ అనే వినిపిస్తాయి. వివృత ఏ పైకి వచ్చినప్పుడు, అప్పటికి ఈకార స్థానంలో స్థిరపడిన అచ్చు తప్పుకోలేదు. ముందు నెట్టిన స్థానంలోనే తరువాత సమ్మేళనం జరిగిందంటే, భేదరక్షణ ఒక ప్రవృత్తే గాని నియమం కాదని ఒప్పుకోవాలి.

తెలుగులో దీనికి మరొక కోణం కనిపిస్తుంది. వచ్చినాడు వంటి క్రియారూపాలు సంకోచించినప్పుడు, కోస్తా వ్యవహారంలో ఏకారానికీ ఆకారానికీ నడుమ పలికే ఒక కొత్త దీర్ఘాచ్చు ఏర్పడింది. లిపిలో దానికి గుర్తు లేదు. అందుకే ఒకరు వచ్చేడు అనీ, మరొకరు వచ్చాడు అనీ వ్రాస్తారు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985 నాటి వ్యాకరణంలో దీనిని ప్రత్యేక వర్ణంగా పరిగణించారు. నెట్టుడు తర్కం ప్రకారం ఇరుకైన చోటికి కొత్త అచ్చు వచ్చినప్పుడు ఏకారం పైకి జరగడం మొదలుపెట్టాలి. అది జరగలేదు. కొత్త అచ్చు ప్రధానంగా క్రియా ప్రత్యయాలలో వస్తుంది. దానిని ఏ అని విన్నా, ఆ అని విన్నా అర్థం చెడిపోయే మాటల జంటలు చాలా తక్కువ. మధ్యాంగ్లంలో ఓ, ఊలు ధాతువులలోనే నిలిచి ఎన్నో మాటలను వేరుచేసేవి. ఒక అచ్చు పొరుగును నెట్టడానికి దాని సామీప్యం ఒక్కటే చాలదు, ఆ రెంటి భేదం మీద ఎన్ని మాటల అర్థం ఆధారపడి ఉందన్నది కూడా లెక్కకు వస్తుందని ఈ పోలిక సూచిస్తున్నది. కోస్తా మాండలికాలలో ఈ అచ్చు ఎక్కడ ఏకారం వైపు, ఎక్కడ ఆకారం వైపు ఒరుగుతున్నదో తరాలవారీగా కొలిచి చూస్తే ఈ సూచనను పరీక్షించవచ్చు.