జ్యూస్ ప్రేమ కథలు, హేరా అసూయ

గ్రీకు దేవతలకు రాజైన జ్యూస్ పురాణాల్లో ఏకపత్నీవ్రతుడు కాడు. హంసగా, ఎద్దుగా, బంగారు వానగా మారి స్త్రీలను చేరతాడు. భార్య హేరా ఆ స్త్రీలనూ వారి బిడ్డలనూ వేధిస్తుంది. ఈ రూపాన్ని ఏ ఒక్క కవో కల్పించలేదు. వేర్వేరు ఊళ్ల కథలు శతాబ్దాలపాటు ఒకే దేవుడి చుట్టూ చేరడం వల్ల ఏర్పడిందిది.

జ్యూస్ అనే పేరు వేదాల్లోని 'ద్యౌః' అనే మాటకు చుట్టం. రెండింటి మూలార్థం వెలుగు నిండిన ఆకాశం. పైలోస్‌లో దొరికిన, సుమారు క్రీ.పూ. 1200 నాటి మట్టిపలకలో జ్యూస్, హేరాల పేర్లు అప్పటికే పక్కపక్కన ఉన్నాయి. అయితే డొడోనాలో అతని సరసన పూజలందుకున్నది హేరా కాదు, డియోనీ. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియడ్ ఈ చిక్కును వరుసక్రమంతో విప్పాడు: జ్యూస్‌కు ఏడుగురు భార్యలు, హేరా చివరిది.

మానవ స్త్రీల కథలకు వంశ గౌరవమే ముఖ్య కారణం. ప్రతి నగరానికీ దేవుడి నుంచి దిగివచ్చిన మూలపురుషుడు కావాలి. ఆర్కేడియా వారి ఆర్కాస్ కల్లిస్టో కొడుకు, క్రీట్ రాజు మినోస్ యూరోపా కొడుకు; తండ్రి మాత్రం ఇద్దరికీ జ్యూసే. ఆర్గోస్ నగరానికైతే ఇలాంటి కథలు రెండున్నాయి. డనాయి కొడుకు పెర్సియస్‌ది ఒకటి. రెండోది అయో కథ. ఆమె అక్కడి హేరా గుడి పూజారిణి. జ్యూస్ మోహించాక ఆవుగా మారి, జోరీగ తరుముతుంటే ఈజిప్టు దాకా పరుగెత్తి అక్కడ కొడుకును కంటుంది. ఆ కొడుకు సంతతే తిరిగి వచ్చి ఆర్గోస్‌ను ఏలిందట. ఏ ఊరికి ఆ ఊరు చెప్పుకుంటే ఇది కులగౌరవం. అన్నిటినీ ఒకచోట పేర్చితేనే జ్యూస్ జారుడయ్యాడు.

హేరా కోపానికి మూలం వేరు. ఆమె పెళ్లికి అధిదేవత, ధర్మపత్ని హక్కులకు కాపలాదారు. భర్తను దండించే బలం లేక, ఆ కోపాన్ని సవతులపై, వారి పిల్లలపై చూపుతుంది. ఆమె చేతిలో అందరికన్నా ఎక్కువ బాధలు పడిన హెరాక్లీస్ పేరుకు 'హేరా కీర్తి' అని అర్థం చెప్పడం విచిత్రమే.

గ్రీకుల్లోనే కొందరికి ఈ కథలు రుచించలేదు. క్రీ.పూ. ఆరో శతాబ్దంలోనే తత్త్వవేత్త జెనోఫనీస్, మనుషులు సిగ్గుపడే దొంగతనం, వ్యభిచారం, మోసం కవులు దేవుళ్లకు అంటగట్టారని మండిపడ్డాడు. ప్లేటో తన ఆదర్శ రాజ్యంలో ఇలాంటి కథలను నిషేధించాలన్నాడు. పూజలు మాత్రం ఆగలేదు. అతిథులకూ ప్రమాణాలకూ రక్షకుడిగా జ్యూస్‌కు మొక్కేవారు అతని కాపురం గుణదోషాలు లెక్కించలేదు.

ప్లాటియాలో ఆ కాపురపు కలహమే పండుగైంది. హేరా అలిగి వెళ్లిపోతే, జ్యూస్ ఒక కొయ్యబొమ్మకు పెళ్లిబట్టలు చుట్టి, బండెక్కించి, మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని చాటాడట. పరుగున వచ్చి ముసుగు చింపిన హేరా, లోపల కొయ్యను చూసి సంతోషించి రాజీపడింది. దాన్ని తలచుకుంటూ జరిపే డైడాలా ఉత్సవంలో కొయ్యబొమ్మలను కితైరోన్ కొండపైకి ఊరేగించి తగలబెట్టేవారు.