అరబికాలో దాక్కున్న లైబెరికా: ఓడిపోయిన కాఫీ చెట్టు కథ

మలేషియాలోని జొహోర్‌లో ఉద్యోగం చేస్తున్న నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు పోయిన నెల ఇంటికొస్తూ నాకో కాఫీ ప్యాకెట్ తెచ్చాడు. మీద "లైబెరికా" అని ఉంది. ప్యాకెట్ ఇలా కత్తిరించానో లేదో, వంటింట్లోంచి అమ్మ, "పనసపండు ఎవరు తెచ్చార్రా?" అంది. నిజంగానే ఇల్లంతా పనస వాసన. అందులో కలిపిన ఫ్లేవర్ ఏమీ లేదు. గింజ వాసనే అది.

అదే రోజు అరకు అరబికా ఒక కప్పు, ఈ లైబెరికా ఒక కప్పు, రెండూ పాలు లేకుండా పక్కపక్కన పెట్టుకుని తాగాను. అరబికాలో నిమ్మజాతి పండ్లలో ఉండే లాంటి సన్నటి పులుపు ఉంటుంది, గొంతు దిగాక నోరు తేలిగ్గా ఉంటుంది. లైబెరికాలో ఆ పులుపు చాలా తక్కువ. చిక్కగా, తియ్యగా, చివర్లో కొంచెం కట్టెపొగ తగిలినట్టు ఉంది. అమ్మకి నచ్చలేదు. నాకు నచ్చింది. ఇంత వేరుగా ఉన్న కాఫీ గురించి మనం ఎప్పుడూ ఎందుకు వినలేదు అని తవ్వడం మొదలుపెడితే, 150 ఏళ్ల వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. చివరికి ఆ దారి మళ్లీ మన దేశానికే వచ్చి ఆగింది. ఇవాళ ఎపిసోడ్ అదే.

కథ శ్రీలంకలో మొదలవుతుంది. అప్పటి పేరు సిలోన్. ఇప్పుడు టీ అంటే గుర్తొచ్చే ఆ దేశం, 1860లలో కాఫీ దేశం. కొండలు కొట్టేసి వరసగా అరబికా వేశారు బ్రిటిష్ దొరలు. 1869లో అక్కడి ఆకుల మీద ఒక కొత్త తెగులు కనిపించింది. ఆకు తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొడి, వేలితో రాస్తే వేలికి అంటుకుంటుంది. ఇనుము తుప్పులా ఉంటుంది కాబట్టి తుప్పు తెగులు అన్నారు. అదొక శిలీంధ్రం, పేరు హెమిలియా వస్టాట్రిక్స్. రెండో మాటకి అర్థం "నాశనం చేసేది" అని.

ఇది చెట్టుని ఒక్కరోజులో చంపదు. ముందు ఆకులు రాలుస్తుంది. ఆకు లేకపోతే చెట్టుకి తిండి లేదు, కానీ కొమ్మల మీద కాయలు అలాగే ఉంటాయి. ఉన్న బలమంతా కాయలకి పెట్టి, మరుసటి ఏడు కొమ్మలు ఎండిపోతాయి. కాబట్టి మొదటి ఏడాది రైతుకి నష్టం అంతగా తెలియదు, రెండు మూడేళ్లలో తోట మొత్తం పడుకుంటుంది. సిలోన్‌లో ఇరవై ఏళ్లు తిరగకముందే కాఫీ కథ ముగిసి, అవే కొండల మీద టీ వచ్చింది.

మధ్యలో ప్లాంటర్లు ఒక ఆఖరి ప్రయత్నం చేశారు. అదే లైబెరికా. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా పేరు మీద వచ్చిన జాతి ఇది. 1870లలో లండన్ పక్కనున్న క్యూ తోటల ద్వారా మొక్కలు సిలోన్‌కి, ఇంకా చాలా కాలనీలకి వెళ్లాయి. ఆశ ఎందుకంటే, దీని అవసరాలు అరబికాకి పూర్తిగా రివర్స్. అరబికాకి చల్లదనం కావాలి, అందుకే దాన్ని కొండ ఎక్కిస్తారు. సగటున 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. లైబెరికా సముద్రానికి దగ్గరగా, వేడిగా, ఉక్కగా ఉండే పల్లపు నేలలో కూడా పెరుగుతుంది. ఆకులు అరచేయి కంటే పెద్దవి, మందంగా ఉంటాయి. వదిలేస్తే 15 మీటర్లు దాటి పెరుగుతుంది. పైగా మొదట్లో తుప్పు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మరి ఎందుకు ఓడిపోయింది? నేను ముందు "రుచి బాగోలేదు కాబట్టి" అనే జవాబు చదివి సరేలే అనుకున్నాను. కానీ అసలు సమస్య రుచి కంటే ముందే, పండు దగ్గర మొదలవుతుంది.

అరబికా పండు చిన్నది, తోలు పల్చన, లోపల గుజ్జు కొంచెం. పండు తోలు తీసే మిషన్లన్నీ ఆ సైజుకి చేసినవే. లైబెరికా పండు దానికంటే చాలా పెద్దది, తోలు గట్టి, గుజ్జు మందం. అదే మిషన్‌లో వేస్తే ఇరుక్కుంటుంది, లేదా గింజ నలుగుతుంది. పోనీ పండుని అలాగే ఎండబెడదామంటే అంత మందం గుజ్జు త్వరగా ఎండదు. ఉక్కపోత ఊళ్లో రోజుల తరబడి తడిగా ఉంటే పులిసిపోతుంది, బూజు పడుతుంది. ఆ వాసన గింజకి పడుతుంది. అంటే కొనేవాళ్లు "దీని రుచి ఇంతే" అని పేరుపెట్టిన దాంట్లో కొంత భాగం చెట్టుది కాదు, సరిగ్గా ఆరబెట్టకపోవడంది. నేను తాగిన ప్యాకెట్ జాగ్రత్తగా ఎండబెట్టినది కాబట్టే పనస వాసన శుభ్రంగా వచ్చింది.

దిగుబడి లెక్క కూడా చూడండి. ఒక కిలో పచ్చి గింజ రావాలంటే అరబికా పళ్లు దాదాపు 6 కిలోలు సరిపోతాయి. లైబెరికా అయితే 10 కిలోల పైనే కోయాలి. ఆ కోత కూడా నిచ్చెన వేసుకుని. కూలి ఎక్కువ, ధర తక్కువ. దానికి తోడు కొన్నేళ్లకి తుప్పు లైబెరికా తోటల్లోకి కూడా వచ్చింది. 1900 తర్వాత జావాలో రొబస్టా దిగడంతో చాలాచోట్ల లైబెరికాని పీకేశారు. మలేషియాలో, ఫిలిప్పీన్స్‌లోని బటంగాస్ వైపు మాత్రం నిలబడింది. ఫిలిప్పీన్స్‌లో దాన్ని బరాకో అంటారు.

ఇక్కడితో అయిపోతే ఇదొక ఫెయిల్యూర్ స్టోరీ. అసలు ట్విస్ట్ కర్ణాటకలో ఉంది.

అరబికా కణంలో 44 క్రోమోజోములు ఉంటాయి. లైబెరికా, రొబస్టా లాంటి మిగతా జాతుల్లో 22. పుప్పొడిలోకి, అండంలోకి సగం సగం వెళ్తాయి కదా. అరబికా నుంచి 22, లైబెరికా నుంచి 11 కలిస్తే 33. అది జతలుగా సరిపోదు, కాబట్టి అలాంటి పిల్ల మొక్క దాదాపు గొడ్డుగా మిగిలిపోతుంది. రెండు జాతులు కలవడానికి ఇదే పెద్ద గోడ. అయితే చాలా అరుదుగా లైబెరికా వైపు సగం అవ్వాల్సింది అవ్వకుండా మొత్తం 22 వచ్చేస్తే, 22 ప్లస్ 22, మళ్లీ 44. ఆ మొక్క కాయగలదు.

మన దేశంలో తోటల్లో అరబికా పక్కనే లైబెరికా చెట్లు ఉండేవి. అలా మనిషి చెయ్యి లేకుండా వాటంతట అవే కలిసి పుట్టిన ఒక మొక్కని పరిశోధకులు గుర్తించారు. దానికి పెట్టిన నంబరు ఎస్.26. దాని సంతానంలోంచి ఎంపిక చేసింది ఎస్.288. తుప్పుని బాగా తట్టుకుంది, కానీ గింజల్లో లోపాలు ఎక్కువ. అందుకని చిక్కమగళూరు జిల్లా బాలెహొన్నూరు దగ్గరి కాఫీ పరిశోధన కేంద్రంలో దాన్ని మంచి గింజకి పేరున్న కెంట్స్ అనే అరబికాతో కలిపారు. 1940లలో రైతులకి వచ్చిన ఆ రకమే ఎస్.795.

మన దేశంలో ఎక్కువగా వేసిన అరబికా రకాల్లో ఇదొకటి. కర్ణాటక కొండల్లోనూ ఉంది, మన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో పెంచే రకాల్లోనూ ఉంది. ఇండోనేషియా కూడా తీసుకెళ్లి వేసుకుంది. తుప్పుని ఆపే ఆ జన్యువుకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎస్‌హెచ్3. అది అరబికాలో పుట్టింది కాదు, లైబెరికా ఇచ్చింది. అంటే మార్కెట్‌లో ఓడిపోయిన చెట్టు, గెలిచిన చెట్టు లోపల కూర్చుని దాన్ని కాపాడింది. మనం "ప్యూర్ అరబికా" అని కొన్న ప్యాకెట్‌లో ఎస్.795 ఉంటే, లైబెరికా రక్తం కొంచెం తాగుతున్నట్టే. కప్పులో మాత్రం పనస వాసన రాదు, ఎందుకంటే మిగతాదంతా అరబికానే.

కానీ కథ సుఖాంతం కాదు. తుప్పు కూడా మారుతుంది. కొన్నేళ్లకి ఎస్‌హెచ్3ని దాటగలిగే కొత్త రకాల తుప్పు మన తోటల్లోనే వచ్చింది. ఇవాళ ఎస్.795కి కూడా తుప్పు పడుతుంది, రైతు వానలకి ముందు బోర్డో మిశ్రమం కొట్టాల్సిందే. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఒక్క పాస్‌వర్డ్ మీద ఎన్నాళ్లు బతుకుతాం? ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. కొత్తది కావాలి, అది అడవి జాతుల్లోనే దొరకాలి.

అందుకే మిగతా జాతుల మీద ఇప్పుడు మళ్లీ చూపు పడింది. ఎక్సెల్సా ఉంది. దీన్ని 2006లో లైబెరికాలో ఒక రకంగా కలిపేశారు. 2025లో జన్యువులు చూసి, కాదు, ఇది వేరే జాతేనని మళ్లీ విడదీశారు. ఇది పేర్ల గొడవ మాత్రమే కాదు. ఎక్సెల్సా పండు లైబెరికా కంటే చిన్నది, గుజ్జు పల్చన, కాబట్టి నేను ఇందాక చెప్పిన మిషన్ సమస్య, ఎండబెట్టే సమస్య తగ్గుతాయి. రుచిలో కూడా పనస కంటే పుల్లటి పండ్ల వైపు ఉంటుంది. కొడగు వైపు కొన్ని తోటల్లో ఇది గట్ల మీద గాలికి అడ్డంగా వేసిన పెద్ద చెట్టుగా ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంకోటి స్టెనోఫిల్లా. పశ్చిమ ఆఫ్రికా జాతి. దశాబ్దాలుగా ఎవరికీ కనబడకపోతే, 2018లో సియెర్రా లియోన్ అడవిలో వెతికి పట్టుకున్నారు. 2021లో రుచి నిపుణులు తాగి చూస్తే అరబికాలాగే ఉందన్నారు. కానీ అది బతికే చోటు సగటు వేడి అరబికా చోటు కంటే 6 డిగ్రీలకి పైనే ఎక్కువ. దిగుబడి మాత్రం తక్కువ, అందుకే రేపే షాపులోకి రాదు. దాని పని కూడా బహుశా లైబెరికా చేసిన పనే, ఇంకో చెట్టు లోపల కూర్చోవడం.

2019లో వచ్చిన ఒక లెక్క ప్రకారం ప్రపంచంలోని 124 అడవి కాఫీ జాతుల్లో 60 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. బాలెహొన్నూరు వాళ్లు ఎస్.26ని పట్టుకోగలిగారంటే, అప్పటికి ఎవరో ఆ పనికిరాని లైబెరికా చెట్టుని కొట్టెయ్యకుండా వదిలేశారు కాబట్టే.

మీలో ఎవరికైనా కాఫీ తోట ఉంటే, గట్టు మీద పెద్ద ఆకులతో, కొమ్మకి పెద్ద పెద్ద పళ్లతో ఒక పాత చెట్టు ఉందేమో చూడండి. ఉంటే కొట్టేసే ముందు దగ్గర్లోని కాఫీ బోర్డు వాళ్లకి ఒకసారి చూపించండి. నా దగ్గర ఇంకా సగం ప్యాకెట్ ఉంది, అమ్మ తాగనంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.