ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ: అవసరానికి డబ్బు బయటకు ఎందుకు రాదు?

మార్చి నెలాఖరు. ఆఫీసు అకౌంట్స్ విభాగం నుంచి మెయిల్ వస్తుంది. పన్ను ఆదా పెట్టుబడుల రుజువులు రెండు రోజుల్లో ఇవ్వకపోతే జీతంలో కోత తప్పదని. వెంటనే ఫోన్ తీసి, బ్యాంకు యాప్‌లో ‘ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ’ నొక్కి, లక్షన్నర వేసేస్తాం. రెండు నిమిషాల్లో రసీదు వస్తుంది. కానీ ఆ డబ్బు మళ్లీ చేతికి రావాలంటే ఐదేళ్లు ఆగాల్సిందే. ఈ సంగతి చాలామందికి ఆసుపత్రి బిల్లో, ఇంటి అడ్వాన్సో మీద పడ్డాక గానీ తెలియదు.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఉద్యోగి పాత పన్ను విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్నారనుకుందాం. ఇలాగే మార్చిలో లక్షన్నర వేశారు. రెండేళ్లకు తండ్రికి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. యాప్‌లో ఎఫ్‌డీ తెరిస్తే ‘క్లోజ్’ ఆప్షనే లేదు. బ్రాంచికి వెళ్లి పెనాల్టీ కట్టేస్తాను, తీసేయండి అన్నారు. కుదరదన్నారు. పోనీ దాని మీద అప్పు ఇవ్వండి అంటే, అదీ కుదరదన్నారు.

మేనేజర్ చేతిలో లేని నిబంధన

ఇక్కడ బ్యాంకు మొండికేసిందని అనిపించడం సహజం. నిజానికి ఇది బ్యాంకు పెట్టిన షరతు కాదు. ఈ డిపాజిట్లు నడిచేది కేంద్ర ప్రభుత్వం 2006 జులైలో నోటిఫై చేసిన ‘బ్యాంక్ టర్మ్ డిపాజిట్ స్కీమ్, 2006’ కింద. ఐదేళ్లు నిండకముందు డబ్బు తీయకూడదని, అప్పు కోసం తాకట్టు పెట్టకూడదని అందులోనే రాసి ఉంది. అందుకే పెనాల్టీ అన్న మాటే రాదు. గడువుకు ముందు మూసేయడానికి దారి ఉన్నప్పుడే కదా పెనాల్టీ.

మామూలు ఎఫ్‌డీతో తేడా ఇక్కడే. కోటి రూపాయల వరకు ఉన్న వ్యక్తుల డిపాజిట్లకు ముందుగా తీసుకునే వీలు ఉండాలని రిజర్వు బ్యాంకు చెబుతోంది. అవసరం వస్తే వడ్డీలో కాస్త కోతతో డబ్బు తీసుకోవచ్చు, లేదా ఎఫ్‌డీని తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. ట్యాక్స్ సేవర్‌లో ఈ రెండు తలుపులూ మూసే ఉంటాయి.

ఎందుకింత పట్టు? పన్ను మినహాయింపు ఇచ్చేది డబ్బును ఐదేళ్లు కదపనందుకే. మార్చిలో వేసి, మినహాయింపు తీసుకుని, ఏప్రిల్‌లో తీసేసుకుంటే ప్రభుత్వం వదులుకున్న పన్నుకు అర్థం ఉండదు. పోస్టాఫీసు ఐదేళ్ల టైమ్ డిపాజిట్, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌ల విషయంలో 80సీ ఇంకో దారి పట్టింది. ఐదేళ్లలోపు తీస్తే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తుంది. బ్యాంకు ట్యాక్స్ సేవర్‌కు అలాంటి నిబంధన పెట్టలేదు. డబ్బు బయటకు వచ్చే వీలే లేనప్పుడు మినహాయింపు వెనక్కి తీసుకునే అవసరం రాదు.

మినహాయింపు ఒక్కటే: డిపాజిట్‌దారు మరణిస్తే. జాయింట్ ఖాతాలో మొదటి పేరున్న వ్యక్తి చనిపోతే రెండో వ్యక్తి, ఒక్కరి పేరు మీదే ఉంటే నామినీ, మరణ ధ్రువీకరణ పత్రంతో దరఖాస్తు చేసుకుని గడువుకు ముందే తీసుకోవచ్చు. అందుకే నామినీ పేరు ఖాళీగా వదలొద్దు. జాయింట్‌గా వేసినా పన్ను మినహాయింపు మాత్రం మొదటి పేరున్న వారికే వస్తుంది.

ఆ లక్షన్నరకు నిజంగా ఎంత మిగిలింది?

ఇప్పుడు అదే ఉద్యోగి లెక్కకు వద్దాం. 80సీ పరిమితి లక్షన్నర. (2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఇది 123వ సెక్షన్. జనం నోట మాత్రం ఇంకా 80సీయే.) అయితే ఈ లక్షన్నర ఎఫ్‌డీకి ఒక్కదానికే కాదు. ఆయన జీతంలోంచి ఏడాదికి పీఎఫ్ 60 వేలు పోతోంది. ఎల్ఐసీ ప్రీమియం 24 వేలు. పాప స్కూలు ట్యూషన్ ఫీజు 36 వేలు. అన్నీ కలిపితే లక్షా 20 వేలు అప్పటికే నిండిపోయింది. మిగిలిన ఖాళీ 30 వేలే.

అంటే లక్షన్నర వేసినా మినహాయింపు 30 వేలకే వచ్చింది. 20 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి ఆదా అయింది 6,240 రూపాయలు. దానికోసం మిగతా లక్షా 20 వేలు కూడా ఐదేళ్లు తాళం వేసుకున్నారు. 30 వేలు ట్యాక్స్ సేవర్‌లో, మిగతాది మామూలు ఎఫ్‌డీలో వేసి ఉంటే పన్ను ఆదా అంతే ఉండేది, ఆపరేషన్‌కు లక్షా 20 వేలు చేతికి వచ్చేది. కాబట్టి యాప్ తెరవడానికి ముందు పే స్లిప్‌లో పీఎఫ్ అంకె చూడండి.

కొత్త పన్ను విధానంలో ఉన్నవారికైతే ఈ మినహాయింపు అసలే లేదు. ఇప్పుడు మీరుగా వద్దనుకుంటే తప్ప అమలయ్యేది కొత్త విధానమే. ఈ ఏడాది ఏ విధానం ఎంచుకుంటారో తేల్చుకోకుండా డబ్బు వేస్తే పన్ను ఆదా రాదు, తాళం మాత్రం పడుతుంది. వేసిన తర్వాతి ఏడాది కొత్త విధానానికి మారినా పాత మినహాయింపును వెనక్కి తీసుకోరు. డిపాజిట్ గడువు కూడా తగ్గదు.

వడ్డీకి పన్ను ఉంది

పేరులో ‘ట్యాక్స్ సేవర్’ ఉండటంతో వడ్డీకీ పన్ను లేదనుకునేవారు చాలామంది. మినహాయింపు వేసిన అసలుకే. వడ్డీ మాత్రం మామూలు ఎఫ్‌డీ వడ్డీలాగే మీ ఆదాయంలో కలుస్తుంది, మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

వడ్డీ రేటు 6.5 శాతం, మూడు నెలలకోసారి అసలులో కలిసే పద్ధతి అనుకుంటే, లక్షన్నర ఐదేళ్లకు దాదాపు 2,07,000 అవుతుంది. అందులో 57 వేలు వడ్డీ. ఐదేళ్లూ 20 శాతం శ్లాబులోనే ఉంటే దాని మీద పన్ను మొత్తం 11,900 దాకా.

ఈ పన్ను గడువు తీరిన రోజు ఒక్కసారే వచ్చేది కాదు. డబ్బు మీ చేతికి రాకపోయినా బ్యాంకు ఏటా జమైన వడ్డీని ఆదాయపు పన్ను శాఖకు చెబుతుంది, అది మీ ఏఐఎస్‌లో కనిపిస్తుంది. మన ఉదాహరణలో మొదటి పన్నెండు నెలల వడ్డీ దాదాపు 10 వేలు. ఆ బ్యాంకులో అన్ని డిపాజిట్ల వడ్డీ కలిపి 50 వేలు దాటలేదు కాబట్టి టీడీఎస్ పట్టరు (సీనియర్ సిటిజన్లకు ఈ పరిమితి లక్ష). టీడీఎస్ పట్టలేదంటే పన్ను లేదని కాదు. రిటర్నులో ఆ 10 వేలు చూపించాల్సిందే. పాత విధానంలో ఉన్న సీనియర్ సిటిజన్లకు మాత్రం డిపాజిట్ల వడ్డీలో 50 వేల వరకు విడిగా మినహాయింపు ఉంది.

చేతికి డబ్బు అసలే రాకపోవడం ఇబ్బంది అనుకుంటే, ఖాతా తెరిచేటప్పుడే వడ్డీ నెలకో, మూడు నెలలకో చేతికిచ్చే ఆప్షన్ ఎంచుకోవచ్చు. ఐదేళ్లలోపు బయటకు వచ్చేది ఆ వడ్డీ ఒక్కటే.

చివరగా రసీదు సంగతి. ఐదేళ్ల కాలానికి వేసిన ప్రతి ఎఫ్‌డీ ట్యాక్స్ సేవర్ కాదు. యాప్‌లో మామూలు ఎఫ్‌డీ ఎంచుకుని కాలం ఐదేళ్లు పెడితే 80సీ వర్తించదు. రసీదు మీద స్కీమ్ పేరులో ‘ట్యాక్స్ సేవింగ్’ అనో, 80సీ అనో ఉందా చూసుకోండి. లేకపోతే మార్చి 31 లోపే బ్యాంకును అడగండి. అది మామూలు ఎఫ్‌డీ కాబట్టి, దాన్ని మూసి మళ్లీ వేసుకునే వీలు అప్పటికి ఇంకా ఉంటుంది.