ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ (ఎఫ్‌ఎం)

ధ్వని సంకేతానికి అనుగుణంగా వాహక తరంగపు పౌనఃపున్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ, దాని కంపన పరిమితిని మాత్రం మార్చకుండా ప్రసారం చేసే పద్ధతి ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్. విస్తృత విచలనంతో కూడిన ఎఫ్‌ఎంపై అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1933లో పేటెంట్లు లభించాయి.

హైదరాబాద్ ఆకాశవాణి ఎఫ్‌ఎం రెయిన్‌బో వాహక పౌనఃపున్యం 101.9 మెగాహెర్ట్జ్. ఎఫ్‌ఎం ప్రసారాల్లో గరిష్ఠ విచలనం 75 కిలోహెర్ట్జ్. సెకనుకు 1,000 కంపనాల స్వరం పూర్తి బిగ్గరగా వచ్చినప్పుడు వాహకం 101.825, 101.975 మెగాహెర్ట్జ్‌ల మధ్య సెకనుకు 1,000 సార్లు ఊగుతుంది. స్వరపు కంపన పరిమితి సగమైతే విచలనమూ సగమై 37.5 కిలోహెర్ట్జ్ అవుతుంది. ఊగే వేగం మారదు. అంటే బిగ్గరతనం ఊగే మేరలోనూ, స్థాయి ఊగే వేగంలోనూ ఉంటాయి.

పాతబస్తీలో చార్మినార్ పక్కగా వెళ్లే పెట్రోలు వాహనపు స్పార్క్ ప్లగ్ మెరుపు రేడియో తరంగానికి తోడై దాని ఎత్తును ఒక్కసారిగా పెంచుతుంది. ఏఎంలో ధ్వని ఆ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి చిటపటలు వినిపిస్తాయి. ఎఫ్‌ఎం రిసీవరులోని లిమిటర్ ఎత్తులోని హెచ్చుతగ్గులను కత్తిరించేస్తుంది. రొద తరంగపు దశను కూడా కొంత కదిలిస్తుంది. ఆ కదలికను లిమిటర్ తీసివేయలేదు. అయితే 75 కిలోహెర్ట్జ్ విచలనం ముందు అది స్వల్పం. 15 కిలోహెర్ట్జ్ ధ్వని పరిధికి, సమాన వాహక శక్తి వద్ద, సిద్ధాంతపరంగా ఏఎంపై సుమారు 19 డెసిబెళ్ల మెరుగుదల వస్తుంది. అందుకు మూల్యంగా దాదాపు 180 కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి.

సంకేతం బలహీనపడి రొదకు సుమారు 10 డెసిబెళ్ల పైమట్టం కంటే దిగిపోతే ఈ రక్షణ హఠాత్తుగా పోతుంది. టపటపమనే చప్పుళ్లు దాని తొలి గుర్తు.