బొగ్గుపులుసు వాయువు, నాలుగు అంకెల శ్వాస

ఊపిరి బిగబట్టినప్పుడు మళ్ళీ పీల్చమని మనల్ని తొందరపెట్టేది ఏమిటి? ప్రాణవాయువు కొరత అని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు అసలు కారణం వేరని చూపారు. ఊపిరితిత్తుల గాలిలో కార్బన్ డయాక్సైడ్, అంటే మన పాత పాఠాల్లోని బొగ్గుపులుసు వాయువు, ఏ కాస్త పెరిగినా శ్వాస ఉద్ధృతమవుతుంది. మామూలు పరిస్థితుల్లో శ్వాసకు పగ్గాలు పట్టేది ఆ వాయువే. దానిని వ్యర్థమని తీసిపారేయడం తొందరపాటు.

పరీక్ష హాలు ముందు నిమిషానికి పాతికసార్లు ఎగశ్వాస తీసే విద్యార్థిని ఊహించండి. అతడు ఆ వాయువును అవసరానికి మించి వదిలేస్తున్నాడు. అందువల్ల మెదడు రక్తనాళాలు సన్నబడతాయి. తల తేలిపోతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ప్రశ్న చదివినా బుర్రకెక్కదు.

అమెరికా నౌకాదళ కమాండోల వల్ల ప్రచారంలోకి వచ్చిన బాక్స్ బ్రీతింగ్ ఇక్కడ పనికొస్తుంది. మన సమవృత్తి ప్రాణాయామానికి ఇది దగ్గరి చుట్టమే. నాలుగు అంకెలు పీల్చాలి, నాలుగు నిలపాలి, నాలుగు వదలాలి, నాలుగు ఆగాలి. అంకెకు ఒక సెకను చొప్పున చుట్టుకు 16 సెకన్లు. శ్వాసలు నిమిషానికి నాలుగులోపే ఉంటాయి గనుక తరిగిన వాయువు మళ్ళీ మామూలు మట్టానికి చేరుతుంది, తలతిప్పు తగ్గుతుంది. అంకెలు లెక్కపెట్టే పని వల్ల ధ్యాస మేలుకొనే ఉంటుంది.

అయితే గుండెల నిండా బలవంతంగా పీల్చితే నెమ్మది శ్వాసలోనూ వాయువు తరుగుతుంది. తల తిరిగితే శ్వాస లోతు తగ్గించండి. ఊపిరాడనట్లు అనిపిస్తే అంకెలను మూడుకు దించండి. గర్భిణులు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు తమ వైద్యుణ్ణి అడగకుండా ఊపిరి బిగబట్టరాదు.