కూడికలో కనిపించని నష్టం

పుణెలో ఆఫర్ వచ్చిందని భర్త చెప్పిన రాత్రి ఆ ఇంట్లో ముందు అక్కడి అద్దెల మాట వస్తుంది, తర్వాత పిల్ల బడి మాట వస్తుంది. భార్య ఉద్యోగం సంగతి ఆఖరున వస్తుంది. వచ్చినా "నీకూ అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అన్న మాటతో అయిపోతుంది. ఆ 'ఏదో ఒకటి' ఖరీదెంతో లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. ఆ నష్టం మోసే మనిషికి ఒక పేరు కూడా ఉంది. అవి ఎలా పుట్టాయో తెలిస్తే ఆ రాత్రి మాటలు వేరుగా సాగుతాయని నా నమ్మకం.

భార్యాభర్తలిద్దరూ సంపాదించడం కొత్తేమీ కాదు. కూలికి వెళ్లే ఇళ్లలో, మగ్గం నేసే ఇళ్లలో ఎప్పుడూ ఇద్దరూ పనిచేస్తూనే ఉన్నారు. 1969లో లండన్‌లో రోనా రాపోపోర్ట్, రాబర్ట్ రాపోపోర్ట్ అనే పరిశోధక దంపతులు 'డ్యూయల్ కెరీర్ ఫ్యామిలీ' అని రాసినప్పుడు వాళ్లు చెప్పదలచింది వేరే సంగతి. కెరీర్ అంటే మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోయే పని. మధ్యలో ఒక మెట్టు తప్పితే పోయేది ఆ నెల జీతం ఒక్కటే కాదు, తర్వాతి మెట్లు కూడా. ఒకే ఇంట్లో అలాంటి నిచ్చెనలు రెండుంటే, ఒకదాన్ని కదిపినప్పుడు రెండోదానికి ఏమవుతుందన్నది అక్కడి నుంచే ప్రశ్నగా నిలబడింది.

దాన్ని లెక్కలోకి తెచ్చినవాడు కొలంబియా యూనివర్సిటీ ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్. పోలండ్‌లో పుట్టి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా చేరినవాడు. 1978లో ఆయన కుటుంబాల వలస మీద ఒక వ్యాసం రాశాడు. అప్పటిదాకా వలస గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఒంటరి మనిషిని లెక్కలోకి తీసుకునేవారు: కొత్త ఊళ్లో ఎక్కువ వస్తే వెళ్తాడు, లేకపోతే ఉంటాడు. మిన్సర్ ఆ మనిషి పక్కన ఇంకో మనిషిని నిలబెట్టాడు. ఇద్దరి లాభనష్టాలూ కూడితే మొత్తం లాభమైతే కుటుంబం కదులుతుంది, నష్టమైతే ఆగుతుంది. ఒంటరిగా ఉంటే ఆ ఊరికి వెళ్లేదే కాదు, కానీ కుటుంబం కోసం వెళ్లింది అనుకోండి, ఆ మనిషి 'టైడ్ మూవర్', అంటే ముడిపడి కదిలిన మనిషి. ఒంటరిగా ఉంటే వెళ్లేదే, కుటుంబం కోసం ఆగిపోయింది అనుకోండి, 'టైడ్ స్టేయర్', ముడిపడి ఆగిన మనిషి. అంతకుముందు దాన్ని 'సర్దుకుపోవడం' అనేవారు. అలా అన్నంతకాలం దానికి కొలత లేదు.

ఆ పుణె ఆఫర్‌నే ఒక ఊహా ఉదాహరణగా తీసుకుని లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో భర్తకు సాఫ్ట్‌వేర్‌లో నెలకు 1,20,000. భార్యకు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో 70,000. పుణెలో ఆయనకు 1,60,000 ఇస్తామన్నారు. ఆమెకు అక్కడ దొరికేది 50,000. ఆయనకు 40,000 లాభం, ఆమెకు 20,000 నష్టం, ఇంటికి 20,000 మిగులు. వెళ్లారు. ఆమె ముడిపడి కదిలింది.

మూడేళ్లు గడిచాయి. ఆయన జీతం 1,80,000 అయింది. ఆమె ఇంకా 50,000 దగ్గరే ఉంది. హైదరాబాద్ నుంచి పాత మేనేజర్ పిలిచి 95,000 ఇస్తానన్నాడు. ఆమెకు 45,000 లాభం. కానీ ఆయన తిరిగొస్తే 1,30,000 దొరుకుతుంది, అంటే 50,000 నష్టం. మొత్తం మీద ఇంటికి 5,000 తక్కువ. ఆగారు. ఈసారి ఆమె ముడిపడి ఆగింది.

రెండుసార్లూ కూడిక తప్పు కాదు, ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. అయినా రెండుసార్లూ నష్టం ఆమెదే. మొదటి కదలిక ఇద్దరి జీతాల మధ్య తేడాను 50,000 నుంచి 1,30,000కు పెంచింది. ఆ పెరిగిన తేడాయే రెండో నిర్ణయం చేసింది. ఈ కూడికలో నాకు కనిపించే అసలు లోపం ఇదే: అది ఈ నెల జీతాన్ని చూస్తుంది గానీ వచ్చే మూడేళ్లలో ఎవరి నిచ్చెన ఎంత కుంగుతుందో చూడదు.

ముడిపడినవారు ఎక్కువగా భార్యలే అవుతారని మిన్సర్ కూడా గమనించాడు. వాళ్లు కదలడం వల్ల వచ్చే లాభం తక్కువ కాబట్టి అన్నాడు. కానీ సంగతి అక్కడితో ఆగలేదు. జర్మనీ, స్వీడన్ దంపతుల మీద ఈమధ్య ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనంలో, ఊరు మారాక మగవాళ్ల సంపాదన ఆడవాళ్ల సంపాదన కన్నా ఎక్కువగా పెరిగిందని తేలింది. భార్య తెచ్చే రూపాయికి, భర్త తెచ్చే రూపాయికి ఆ ఇళ్లు సమానమైన బరువు ఇవ్వడం లేదన్నది వాళ్ల నిర్ధారణ. అంటే కూడిక మొదలవక ముందే తక్కెడ ఒకవైపు ఒరిగి ఉంది.

కొన్నిచోట్ల ఆ తక్కెడను ప్రభుత్వమే వంచింది. హెచ్-1బి మీద అమెరికా వెళ్లిన భర్త వెంట హెచ్-4 మీద వెళ్లిన మన అమ్మాయిలకు ఏళ్ల తరబడి ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఇక్కడ ఎంత సంపాదించినా అక్కడ సున్నా. 2015 మే నుంచి వాళ్లలో కొందరికి, ముఖ్యంగా భర్త గ్రీన్ కార్డు పనిలో ఐ-140 ఆమోదం వచ్చినవాళ్లకు, పని అనుమతి ఇచ్చారు. ఆ ఆమోదం వచ్చేదాకా ఖాళీగా గడిచిన ఏళ్లను మాత్రం ఏ కూడికా తిరిగి ఇవ్వలేదు.

మరి మాట్లాడుకోవడం ఎలా? ఇన్సియాడ్ బిజినెస్ స్కూల్‌లో పనిచేసే జెన్నిఫర్ పెట్రిగ్లియేరి వందకు పైగా జంటలతో మాట్లాడి 2019లో ఒక పుస్తకం రాసింది. నిర్ణయాన్ని డబ్బుకే వదిలేయడం జంటలు పడే ఉచ్చుల్లో ఒకటని ఆమె చెబుతుంది. ఒకరి కెరీర్ ముందు ఉండొచ్చు, వంతులవారీగా నడవొచ్చు, రెండూ సమానంగా సాగొచ్చు. ఏది ఎంచుకున్నా దాన్ని నోరు విప్పి మాట్లాడుకుని ఒప్పుకోవాలంటుంది. అందుకు మూడు సంగతులు ముందు పెట్టమంటుంది: మనకు ఏది ముఖ్యం, ఎంతవరకు ఒప్పుకుంటాం, దేనికి భయపడుతున్నాం. ఆఫర్ చేతిలో పడ్డాక, జవాబుకు మూడు రోజులే గడువున్నప్పుడు ఇవి తెగవు. అంతకుముందే మాట్లాడుకోవాలి.

పుణె జంట ఆ మొదటి రాత్రే కూర్చుని ఉంటే ఏం చేసేవాళ్లు? ముందు ఒకే కాగితం మీద మొత్తం కూడకుండా, చెరో కాగితం తీసుకుని ఎవరి అంకెలు వాళ్లు రాసుకునేవాళ్లు. అందులో ఇప్పటి జీతం పక్కన మూడేళ్ల తర్వాత రాగల జీతం కూడా ఉండేది. తర్వాత పేర్లు తిరగేసి చూసేవాళ్లు: ఇవే అంకెలు ఆమె ఆఫర్‌వి అయితే ఆయన ఉద్యోగం వదిలి వెళ్లేవాడా? జవాబు తడబడితే అక్కడ మాట్లాడుతున్నది జీతం కాదని తెలిసిపోతుంది. "నీ ఇష్టం" అన్న మాట వినిపించినా అంతే. అది ఒప్పుకోలు కాదు, అలసట.

వెళ్లాలనే తేలినా మిన్సర్ లెక్కలోనే ఒక దారి ఉంది. ఆయన లాభం ఆమె నష్టం కన్నా పెద్దదైనప్పుడే కుటుంబం కదులుతుంది కాబట్టి, ఆ లాభంలోంచి ఆమె నష్టం పూడ్చడానికి డబ్బు ఉన్నట్టే. నెలకు 20,000 చొప్పున ఏడాదికి 2,40,000. అందులో 1,50,000 ఆమె పేరున పీపీఎఫ్‌లో వేయొచ్చు. మిగతాది ఆమె మెట్టు ఎక్కడానికి పనికొచ్చే కోర్సుకు పోవచ్చు. ఇక ఒక తేదీ రాసుకోవాలి, రెండేళ్ల తర్వాతది. ఆ రోజు తర్వాత ఆమెకు మంచి ఆఫర్ వస్తే ఇంటికి నెలకు ఎంత తగ్గేదాకా ఒప్పుకుంటారో కూడా అంకెలో రాసుకోవాలి. 10,000 అని రాసుకుని ఉంటే, పాత మేనేజర్ ఫోన్ చేసిన రోజున ఆ 5,000 లోటు వాళ్లను ఆపేది కాదు. సామాన్లు సర్దుకునేవాళ్లు.