లిథియం బ్యాటరీని బతికించే పొర, అరగదీసే పొర

ఇన్వర్టర్ బ్యాటరీని ఎప్పుడూ ఫుల్ ఛార్జింగ్‌లో ఉంచమని మెకానిక్‌లు చెబుతారు. అది లెడ్ యాసిడ్ బ్యాటరీ కాబట్టి ఆ మాట నిజమే. ఛార్జింగ్ దిగిపోయి అలాగే పడి ఉంటే దాని పలకల మీద లెడ్ సల్ఫేట్ గడ్డకట్టి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా సరిగ్గా కరగదు. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీలనైతే అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి ఎక్కించమనేవారు. ఈ రెండు అలవాట్లూ మొబైల్ ఫోన్ దాకా వచ్చేశాయి. ఫోన్‌లో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీకి మాత్రం నిండుగా ఉండటం పడదు, అడుగంటడం పడదు, వేడి అసలే పడదు. ఎందుకో తెలియాలంటే దాని లోపల పుట్టే ఒక పొర సంగతి తెలియాలి.

1970లలో అమెరికాలోని ఎక్సాన్ కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం లోహంతో రీఛార్జ్ చేయగల బ్యాటరీ తయారుచేశారు. ఛార్జ్ చేసిన ప్రతిసారీ లోహం సమంగా పేరుకోక సూదుల్లా మొలిచేది. ఆ సూదులు అవతలి ధ్రువాన్ని తాకితే షార్ట్ సర్క్యూట్, ఆపై మంటలు. లిథియం దాదాపు దేన్ని తాకినా రసాయన చర్య జరుపుతుంది. మరి బ్యాటరీలోని ఎలక్ట్రోలైట్ ద్రవంలో మునిగి ఉండి కూడా అది ఎలా మిగులుతోంది? టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇమాన్యుయేల్ పెలెడ్ 1979లో దీనికి జవాబు చెప్పారు. ద్రవం తగలగానే చర్య మొదలై, ఆ చర్యలో పుట్టిన పదార్థమే పైన పొరగా కప్పేసి ఇక చర్యను ముందుకు సాగనివ్వదు. లిథియం అయాన్లు ఆ పొరలోంచి దూరి వెళ్లగలవు, ఎలక్ట్రాన్లు వెళ్లలేవు.

మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్‌ఇనఫ్, కొయిచి మిజుషిమా బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధనధ్రువంగా వాడి సుమారు 4 వోల్టులు సాధించింది. 1985లో జపాన్‌లోని అసాహి కాసెయ్ కంపెనీలో అకిరా యోషినో లిథియం లోహాన్ని పక్కనపెట్టి, ఋణధ్రువంగా పెట్రోలియం కోక్ అనే కర్బన పదార్థాన్ని వాడారు. 1991లో సోనీ ఈ రకం బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ఏర్పాటులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. బ్యాటరీ మొత్తానికి పనికొచ్చే లిథియం తయారీ నాడు ధనధ్రువంలో ఎంత ఉందో అంతే. తర్వాత పైనుంచి చేరేది ఏమీ లేదు.

కోక్ బదులు గ్రాఫైట్ వాడితే ఎక్కువ లిథియం పడుతుంది. కానీ అప్పట్లో వాడుకలో ఉన్న ప్రొపిలీన్ కార్బొనేట్ ద్రవంలో గ్రాఫైట్ పొరలుపొరలుగా విచ్చిపోయేది. ఇథిలీన్ కార్బొనేట్ కలిపితే మొదటి ఛార్జింగ్‌లోనే గ్రాఫైట్ మీద గట్టి పొర ఏర్పడి దాన్ని కాపాడుతుందని కెనడాలో జెఫ్ డాన్, సహచరులు 1990లో చూపించారు. పెలెడ్ చెప్పిన పొర గ్రాఫైట్‌కీ కవచమైంది. అందుకే నేటికీ ఫ్యాక్టరీ నుంచి బయటికి రాకముందే ప్రతి సెల్‌నీ ఒకసారి నెమ్మదిగా ఛార్జ్ చేస్తారు. దాన్ని ఫార్మేషన్ అంటారు. అప్పుడు అల్లుకునే పొర మందం కొన్ని పదుల నానోమీటర్లే. అయినా సెల్‌లోని లిథియంలో దాదాపు పదో వంతు దానికే ఖర్చు కావచ్చు.

పొర అక్కడితో ఆగిపోతే బ్యాటరీకి ముసలితనమే ఉండేది కాదు. లిథియం చేరినప్పుడు గ్రాఫైట్ సుమారు పది శాతం ఉబ్బుతుంది, ఖాళీ అయినప్పుడు కుదించుకుపోతుంది. ఆ సాగదీతలో పొర అక్కడక్కడా పగిలి, పగులు దగ్గర కొత్త పొర పుడుతుంది. బ్యాటరీని కదపకుండా పెట్టినా కొద్దికొద్దిగా ఎలక్ట్రాన్లు లీకై పొర మందమవుతూనే ఉంటుంది. దానికి చేరిన ప్రతి లిథియం పరమాణువూ లెక్కలోంచి పోయినట్టే. అయితే మందమయ్యే కొద్దీ లీకు తగ్గుతుంది. ఫ్రాన్స్‌లోని సాఫ్ట్ కంపెనీలో మిషెల్ బ్రూస్లీ బృందం 2001లో ఈ తరుగుదలకు లెక్క కట్టింది. నష్టం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. మొదటి ఏడాదిలో 5 శాతం పోతే, 10 శాతం పోవడానికి నాలుగేళ్లు పడుతుంది.

ఈ తరుగు వేగాన్ని ముఖ్యంగా రెండు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది ఛార్జింగ్. గ్రాఫైట్‌లో లిథియం నిండే కొద్దీ అది ఎలక్ట్రాన్లను ద్రవానికి ఇచ్చేయాలని మరింతగా చూస్తుంది, పొర త్వరగా పెరుగుతుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పీటర్ కైల్ బృందం రకరకాల సెల్స్‌ను వేర్వేరు ఛార్జింగ్ స్థాయిల్లో నెలల తరబడి నిల్వ ఉంచి, 2016లో ఫలితాలు ప్రకటించింది. నష్టం ఛార్జింగ్‌తో పాటు సమంగా పెరగలేదు. చాలాదూరం ఒకే మట్టంలో సాగి, సుమారు 60 శాతం దాటాక పైకి లేచింది. గ్రాఫైట్ వోల్టేజీ ఒక్కసారిగా దిగే చోటు కూడా అక్కడే. మరోవైపు ధనధ్రువం నుంచి లిథియం ఎక్కువగా తోడేసే కొద్దీ అది ద్రవాన్ని ఆక్సీకరిస్తుంది. దాంతో వాయువులు పుడతాయి, సెల్ ఉబ్బుతుంది. ఫోన్ వెనక మూత పైకి లేచిందంటే అదే గుర్తు. అలాంటి బ్యాటరీని ఇక ఛార్జింగ్ పెట్టకూడదు.

ఇక్కడే తెలిసేది, 100 శాతం అనేది ప్రకృతి గీసిన గీత కాదు, తయారీదారు గీసినది. కోబాల్ట్ ఆక్సైడ్ సెల్‌ను 4.2 వోల్టుల దగ్గర ఆపితే అందులోని లిథియంలో దాదాపు సగమే బయటికి వచ్చినట్టు. సోనీ తొలి సెల్స్‌కు హద్దు 4.1 వోల్టులే. నేటి ఫోన్లలో అది 4.4 దాకా వెళ్లింది. హద్దు పెంచితే ఒకపూట ఎక్కువ నడుస్తుంది, వయసు మాత్రం తగ్గుతుంది.

రెండోది వేడి. దీన్ని లోకానికి తెలిసేలా చేసింది నిస్సాన్ లీఫ్ కారు. 2010 చివర్లో వచ్చిన ఈ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012 వేసవిలో అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఉన్న ఫీనిక్స్ యజమానులు డాష్‌బోర్డు మీది 12 గీతల్లో ఒకటి, రెండు మాయమవుతున్నాయని గోల పెట్టారు. మొదటి గీత పోయిందంటే సామర్థ్యంలో సుమారు 15 శాతం పోయినట్టు. చల్లటి ఊళ్లలో అదే కారుకు ఇంత త్వరగా అలా జరగలేదు. కంపెనీ 2012 చివర్లో సామర్థ్యానికి కూడా వారంటీ ప్రకటించింది. 2015 మోడల్‌లో వేడిని తట్టుకునే సెల్స్ పెట్టింది.

రెండు అంశాలూ కలిస్తే ఏమవుతుందో బ్యాటరీ రంగంలో తరచూ ఉదహరించే ఒక పట్టిక చెబుతుంది. అంకెలు కోబాల్ట్ రకం సెల్స్‌కి, అవీ ఉజ్జాయింపుగానే. 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జింగ్‌తో ఏడాది ఉంచితే సామర్థ్యంలో 96 శాతం మిగులుతుంది, ఫుల్‌గా ఉంచితే 80. అదే 40 డిగ్రీల్లో అయితే 85, 65. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద ఫుల్ ఛార్జింగ్ ఫోన్ ఈ చివరి అంకె కంటే పెద్ద పరీక్షనే ఎదుర్కొంటుంది.

కాబట్టి నెలల తరబడి వాడని ల్యాప్‌టాప్‌ను 40 నుంచి 60 శాతం మధ్య ఆపి, ఇంట్లో చల్లటి గదిలో పెట్టి, మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. సున్నాతో వదిలేస్తే తనంతట తాను ఇంకా దిగిపోయి, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. రోజూ వాడే ఫోన్‌ను 80 దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. ఛార్జింగ్‌లో ఉండగా గేమ్ ఆడటం, దిండు కింద పెట్టడం మానేయండి. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న కార్లకు మాత్రం చాలా కంపెనీలు అప్పుడప్పుడు 100 దాకా ఎక్కించమంటాయి. వాటి వోల్టేజీ దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి, ఛార్జింగ్ ఎంత మిగిలిందో కారు సరిగ్గా లెక్కించుకోవడానికే ఆ ఏర్పాటు. ఊరికి వెళ్లే రోజు ఏ బ్యాటరీనైనా నిండా ఎక్కించుకోవచ్చు. హాని చేసేది ఫుల్ చేయడం కంటే, ఫుల్‌గా వేడిలో రోజుల తరబడి వదిలేయడమే.